తలనొప్పి వస్తే కాఫీ తాగాలా, వద్దా? ముందు గడియారం చూడండి

తలనొప్పి అనగానే మన ఇళ్లలో ముందు వినిపించే మాట, "స్ట్రాంగ్‌గా ఓ కాఫీ తాగు, అదే పోతుంది". చాలాసార్లు నిజంగానే పోతుంది. మైగ్రేన్‌కి డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్రం ఆయన మొదట అడిగేది, "కాఫీలు ఎన్ని తాగుతారు? తగ్గించండి" అని. ఈ రెండు మాటలూ తప్పు కావు. ఏ నొప్పికి ఏ మాట వర్తిస్తుందో తెలియకపోవడం వల్లే ఇబ్బంది వస్తోంది. కాఫీ అందక వచ్చే తలనొప్పి వేరు, మైగ్రేన్ వేరు. కొందరికి ఈ రెండూ ఉంటాయి, ఒకటి రెండోదాన్ని లేపుతుంది కూడా. వాటిని విడదీసి చూడడం ఎలా, ఎప్పుడు కప్పు అందుకోవాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అన్నది వరసగా చెప్తాను. మధ్యమధ్యలో మా వదిన సంగతి వస్తుంది. గుంటూరులో టీచర్, ఫిల్టర్ కాఫీ మనిషి. ఏళ్ల తరబడి ఆవిడకి ప్రతి ఆదివారం తలనొప్పే.

అసలు లోపల జరిగేది ఏమిటి

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది వెళ్లి తన కుర్చీలో కూర్చుంటే మనకి నిద్రమత్తు వస్తుంది, మెదడు రక్తనాళాలు కాస్త వెడల్పవుతాయి. కాఫీలోని కెఫీన్ ఆ కుర్చీని ముందే ఆక్రమిస్తుంది. అందుకే నిద్రమత్తు వదులుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. రోజూ ఇలాగే జరుగుతుంటే మెదడు ఊరుకోదు, అదనంగా కుర్చీలు వేస్తుంది. ఒక రోజు కాఫీ ఆలస్యమైందా, ఖాళీగా ఉన్న కుర్చీలన్నిటిలో అడినోసిన్ ఒక్కసారిగా కూర్చుంటుంది. రక్తనాళాలు మామూలు కన్నా ఎక్కువ వెడల్పవుతాయి, తల పోటు మొదలవుతుంది. మళ్లీ కాఫీ తాగితే గంటలోపే తగ్గుతుంది.

ఈ నొప్పి ఆఖరి కప్పు తర్వాత సాధారణంగా 12 నుంచి 24 గంటల మధ్య మొదలవుతుంది. కాఫీ పూర్తిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో పతాక స్థాయికి చేరి, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. ఎక్కువమందికి వారంలో సర్దుకుంటుంది. దీనికి రోజుకి అరడజను కప్పులు తాగాల్సిన పని లేదు. రోజూ తప్పకుండా ఒకే ఒక్క కప్పు, అంటే 100 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకునేవాళ్లకి కూడా రావచ్చు. "నేను తాగేదే ఒక్క కప్పు, దానికి తలనొప్పేంటి" అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మొదటి పని: మీ రోజు లెక్క కట్టండి

కప్పులు లెక్కపెడితే చాలదు, కప్పులో ఏముందో చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ అయితే 50 నుంచి 65, టీ అయితే 30 నుంచి 65. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకి 300 దాటకుండా చూసుకోవాలని అదే సంస్థ చెప్పింది. మైగ్రేన్ ఉన్నవాళ్లకి తలనొప్పి నిపుణులు సాధారణంగా ఇంకా కిందికి, 200 లోపు ఉండమంటారు.

మన ఫిల్టర్ కాఫీలో ఒక మెలిక ఉంది. పొడిలో చికోరీ కలుస్తుంది, చికోరీలో కెఫీన్ ఉండదు. కాబట్టి పాకెట్ వెనక్కి తిప్పి కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది చదవండి. కాఫీ 80, చికోరీ 20 ఉన్న పొడికీ, కాఫీ 53, చికోరీ 47 ఉన్న పొడికీ మధ్య కెఫీన్‌లో మూడో వంతు తేడా వస్తుంది. చూడడానికి మాత్రం రెండోదే నల్లగా, చిక్కగా కనిపిస్తుంది. రంగు చూసి స్ట్రాంగ్ అనుకుంటే లెక్క తప్పుతుంది. గింజ రకం కూడా ముఖ్యమే. రోబస్టాలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు. అరకులో పండేది అరబికా. ఫస్ట్ డికాక్షన్‌లోకి కెఫీన్ చాలామటుకు దిగిపోతుంది, అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి తీసిన సెకండ్ డికాక్షన్‌లో మిగిలేది తక్కువ.

మా వదిన లెక్క ఇలా తేలింది. పొద్దున అయిదున్నరకి ఫస్ట్ డికాక్షన్ కాఫీ, పొడి 80:20 రకం, కప్పుకి సుమారు 10 గ్రాములు. అది దాదాపు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. ఏడున్నరకి టిఫిన్‌తో సెకండ్ డికాక్షన్ కాఫీ, ఓ 60. పదకొండుకి స్టాఫ్ రూమ్‌లో చిన్న గ్లాసు టీ, 40. సాయంత్రం నాలుగున్నరకి ఇంటికి రాగానే మళ్లీ తాజా డికాక్షన్, ఇంకో 100. మొత్తం 300. అన్నీ ఉజ్జాయింపు అంకెలే, ఇంట్లో ఇంతకన్నా కచ్చితంగా తేలదు, అక్కర్లేదు కూడా. మీరు 100 దగ్గర ఉన్నారా, 300 దగ్గరా, 500 దగ్గరా అన్నది తెలిస్తే చాలు.

లెక్కలో చాలామంది వదిలేసేవి తలనొప్పి మాత్రలు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే కొన్ని తలనొప్పి మాత్రల్లో పారాసెటమాల్‌తో పాటు 50, 65 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా కలిపి ఉంటుంది. స్ట్రిప్ వెనక సన్న అక్షరాలు చదవండి. కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు తాగే అలవాటుంటే వాటినీ కలపండి.

రెండో పని: నాలుగు వారాలు రాసిపెట్టండి

దీనికి యాప్ అక్కర్లేదు. వంటింట్లో గోడకి వేలాడే క్యాలెండర్ చాలు, తేదీ గడిలోనే రాయొచ్చు. రాయాల్సినవి నాలుగే: తాగిన ప్రతి కప్పు టైమ్, నొప్పి మొదలైన టైమ్, ఎలాంటి నొప్పి, ఏం చేస్తే ఎప్పటికి తగ్గింది. వదిన క్యాలెండర్‌లో ఒక వారాంతం ఇలా ఉంది:

శని: 5.30 కా, 7.30 కా, 11 టీ, 4.30 కా. నొప్పి లేదు.
ఆది: లేచింది 7.45. నొప్పితోనే లేచా. రెండు కణతలు, నుదురు, బరువు. వికారం లేదు. 8.45 కా. 9.20కి పోయింది.

ఇందులో ముఖ్యమైన విషయం టైముల మధ్య ఉన్న దూరం. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగున్నర కప్పుకీ పొద్దున అయిదున్నర కప్పుకీ మధ్య 13 గంటలు. ఆదివారం ఆలస్యంగా లేచి, స్నానం, పూజ అయ్యాక తాగేసరికి 16 గంటలు దాటుతోంది. ఆవిడ ఇన్నాళ్లూ "వారమంతా పిల్లలతో అరిచి అరిచి ఆదివారం తల పగిలిపోతుంది" అనుకునేది. క్యాలెండర్‌లో నాలుగు ఆదివారాలు ఒకేలా కనిపించాక, లేచే టైమే కారణమేమో అన్న అనుమానం వచ్చింది. ఆ నెలలోనే ఇంకో రెండుసార్లు వేరే రకం నొప్పి వచ్చింది. రెండూ స్కూల్ ఉన్న రోజుల్లోనే, కాఫీలన్నీ సమయానికి తాగాకే.

మూడో పని: ఏ నొప్పో గుర్తుపట్టండి

కాఫీ అందక వచ్చే నొప్పి సాధారణంగా తల రెండు వైపులా ఉంటుంది. నుదురు, కణతలు బరువెక్కుతాయి లేదా పోటు పెడతాయి. దాంతో పాటు ఆవలింతలు, నీరసం, నిద్రమత్తు, చిరాకు, పని మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. కొందరికి జ్వరం వచ్చే ముందులా ఒళ్లు నొప్పులు కూడా వస్తాయి. అన్నిటికన్నా గట్టి ఆధారం టైమ్. ఆఖరి కప్పు తాగి 12 గంటలు దాటి ఉండాలి, కాఫీ తాగాక గంటలోపు తగ్గాలి.

మైగ్రేన్, అంటే మన పెద్దవాళ్లు పార్శ్వపు నొప్పి అనేది, చాలామందికి ఒక పక్కే వస్తుంది, లోపల నుంచి కొట్టుకున్నట్టు ఉంటుంది. మెట్లెక్కినా, వంగి చీపురు పట్టినా ఎక్కువవుతుంది. వికారం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మిక్సీ చప్పుడు కూడా భరించలేకపోవడం ఉంటాయి. మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా పట్టి ఉంచుతుంది. అన్ని కాఫీలూ సమయానికి తాగినా వస్తుంది.

పుస్తకంలో చెప్పినంత శుభ్రంగా అందరికీ విడిపోదు. మైగ్రేన్ ఉన్న మనిషికి కాఫీ ఆలస్యమైతే మొదట బరువుగా మొదలైన నొప్పి, రెండు మూడు గంటల్లో ఒక పక్కకి చేరి అసలు మైగ్రేన్‌గా మారొచ్చు. అప్పుడు కాఫీ తాగినా లొంగదు. అందుకే ఒక్క రోజు చూసి తేల్చేయకండి, కనీసం మూడు నాలుగు సార్లు ఒకే వరస కనిపించాలి.

ఇంకో తికమక కూడా ఉంది. మైగ్రేన్ నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందు రోజే, కొందరికి ఆవలింతలు, మెడ పట్టేయడం, నీరసం, ఏదో తినాలనిపించడం వస్తాయి. నీరసంగా ఉందని మనం మామూలు కన్నా ఒక కాఫీ ఎక్కువ తాగుతాం. తర్వాత నొప్పి వస్తుంది. కాఫీ వల్లే వచ్చిందని నింద దాని మీద పడుతుంది. నిజానికి మైగ్రేన్ అప్పటికే మొదలైంది, కాఫీ తాగాలనిపించడం అందులో భాగం. క్యాలెండర్‌లో కాఫీ పక్కనే "మెడ పట్టేసింది, ఆవలింతలు" అని కూడా రాస్తే ఇది బయటపడుతుంది.

ఇంట్లో లెక్కలు వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సిన తలనొప్పులూ ఉన్నాయి. పిడుగు పడ్డట్టు క్షణాల్లో తీవ్రంగా వచ్చింది, జ్వరంతో పాటు మెడ బిగిసింది, మాట తడబడుతోంది, ఒక చెయ్యో కాలో పట్టు తప్పింది, చూపు పోతోంది, ఫిట్స్ వచ్చాయి, తలకి దెబ్బ తగిలాక వచ్చింది అంటే కాఫీ సంగతి తర్వాత, ముందు 108కి ఫోన్ చేయండి. యాభై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చిన కొత్త రకం నొప్పి, గర్భిణికి, బాలింతకి వచ్చిన తీవ్రమైన నొప్పి, రోజురోజుకీ పెరుగుతున్న నొప్పి కూడా డాక్టర్ చూడాల్సినవే.

కప్పు పనికొచ్చేది ఎప్పుడు

మొదటి సందర్భం తెలిసిందే. కాఫీ ఆలస్యమై నొప్పి వచ్చింది, టైమ్ చూస్తే 14, 16 గంటలైంది. తాగండి. కానీ బాధ ఎక్కువగా ఉందని రెండు కప్పులు పోసుకోవద్దు. మీరు రోజూ ఆ టైముకి తాగే కప్పు ఎంతో అంతే, లేదా అందులో సగంతో మొదలుపెట్టి, గడియారం చూసి ఒక గంట ఆగండి. తగ్గితే రాసుకోండి. గంటన్నర దాటినా నొప్పి కదలకపోతే అది మైగ్రేన్‌లోకి దిగినట్టు లెక్క, మీ డాక్టర్ రాసిచ్చిన మందు వేసుకోండి. రెండో కప్పు జోలికి వెళ్లొద్దు.

రెండో సందర్భం, మైగ్రేనే వచ్చింది, ఇప్పుడిప్పుడే మొదలైంది. ఇక్కడ కాఫీ మాత్రకి తోడు మాత్రమే, మాత్రకి బదులు కాదు. పారాసెటమాల్ లాంటి నొప్పి మాత్రకి సుమారు 100 మిల్లీగ్రాముల కెఫీన్ తోడైతే, మాత్ర ఒక్కటే వేసుకున్నప్పటి కన్నా 100 మందిలో అదనంగా 5 నుంచి 10 మందికి బాగా ఉపశమనం దొరుకుతుందని అధ్యయనాలు చెప్తున్నాయి. ఇది చిన్న లాభమే, అందరికీ దక్కేది కూడా కాదు. ఆ లాభం కావాలంటే కొన్ని షరతులు ఉన్నాయి. నొప్పి మొదలైన తొలి గంటలోనే తీసుకోవాలి, ఎందుకంటే మైగ్రేన్ ముదిరితే కడుపు కదలిక మందగించి మాత్ర ఒంటికి పట్టదు. ఆ రోజు మీ మొత్తం 200 దాటకూడదు. మధ్యాహ్నం రెండు, మూడు గంటల లోపే అయ్యుండాలి. వేసుకునే మాత్రలో అప్పటికే కెఫీన్ ఉండకూడదు. ఖాళీ కడుపుతో కాకుండా కనీసం రెండు బిస్కెట్లయినా తిని, ఓ గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి.

రోజూ నాలుగైదు కప్పులు తాగేవాళ్లకి ఈ తోడు పెద్దగా పనిచేయదు. వాళ్ల మెదడు కెఫీన్‌కి అలవాటు పడిపోయి ఉంటుంది. కాఫీని మందులా వాడుకోవాలంటే మామూలు రోజుల్లో తక్కువ తాగాలన్నమాట. ఈ మాట కాఫీ ప్రియులకి నచ్చదని తెలుసు, నాకూ నచ్చలేదు.

కప్పు పక్కన పెట్టాల్సింది ఎప్పుడు

సాయంత్రం వచ్చిన మైగ్రేన్‌కి కాఫీ వద్దు. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి చాలామందికి అయిదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగితే పదకొండుకి ఇంకా సగం మిగిలే ఉంటుంది. మైగ్రేన్‌కి మంచి మందు నిద్ర, నిద్ర చెడితే మర్నాడు ఇంకో నొప్పికి దారి పడుతుంది. నిద్రపోతే తగ్గే రకం నొప్పి మీదైతే పొద్దున వచ్చినా కాఫీ వద్దు, గదిలో చీకటి చేసుకుని పడుకోండి.

వికారం, వాంతులు మొదలయ్యాక కూడా వద్దు. కాఫీ కడుపులో మంట పెంచుతుంది, వాంతి అయితే దాంతో పాటు మాత్రా బయటికి వస్తుంది. గుండెదడ, టెన్షన్, చేతులు వణకడం ఉన్నప్పుడూ వద్దు.

అసలు రోజూ కాఫీ అలవాటే లేని మైగ్రేన్ మనిషి "అందరూ తాగమంటున్నారు" అని తాగకూడదు. అమెరికాలో 98 మంది మైగ్రేన్ రోగుల చేత ఆరు వారాలు డైరీ రాయించి చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. అందులో రోజుకి ఒకటి రెండు కప్పులు తాగిన రోజుల్లో నొప్పి ఎక్కువ కాలేదు. మూడో కప్పు నుంచి మాత్రం ఆ రోజు నొప్పి వచ్చే అవకాశం పెరిగింది. ఎప్పుడో తప్ప తాగనివాళ్లకైతే ఒకటి రెండు కప్పులకే పెరిగినట్టు కనిపించింది.

అన్నిటికన్నా మొండిది ఇంకోటుంది, మాత్రలూ కాఫీ కలిసి చేసే పని. మా వదిన ఎప్పుడూ అంటుండేది, "ఏ మాత్రా నాకు పనిచేయదు, ఆ ఒక్క రకమే పనిచేస్తుంది" అని. ఆ ఒక్క రకం తీసి చూస్తే అందులో కెఫీన్ ఉంది. ఆదివారం పొద్దున తలకి కావాల్సింది కెఫీన్, పారాసెటమాల్ కాదు. మామూలు పారాసెటమాల్‌కి లొంగని నొప్పి, కెఫీన్ కలిసిన మాత్రకి మాత్రం చిటికెలో లొంగుతుంటే ఈ అనుమానం రావాలి. దాంతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఇలాంటి కలిపిన మాత్రలు నెలలో 10 రోజులు, అంతకన్నా ఎక్కువ, మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే దాదాపు రోజూ తలనొప్పి వచ్చే పరిస్థితి మొదలవుతుంది. మామూలు పారాసెటమాల్ అయితే ఆ హద్దు నెలకి 15 రోజులు. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజుకి ఒక చుక్క పెట్టండి. చుక్కలు పది దగ్గరికి వస్తుంటే కొత్త మాత్ర వెతక్కండి, న్యూరాలజిస్ట్‌ని కలవండి. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందులు వేరే ఉన్నాయి.

ఎర్గోటమిన్‌తో కెఫీన్ కలిపిన మైగ్రేన్ మాత్రలు కూడా మన షాపుల్లో దొరుకుతాయి. వీటిని పక్కింటివాళ్లు చెప్పారని కొనకండి. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు వీటికి దూరంగా ఉండాలి. మైగ్రేన్‌కే వాడే ట్రిప్టాన్ రకం మాత్ర వేసుకున్న 24 గంటల్లో వీటిని వేసుకోకూడదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడుతున్నప్పుడు ఇవి ప్రమాదం.

నాలుగో పని: తగ్గించడం, కానీ ఒక్కసారిగా కాదు

"రేపటి నుంచి కాఫీ బంద్" అని శపథం పట్టినవాళ్లు చాలామంది మూడో రోజుకి మళ్లీ ఫిల్టర్ కడుగుతారు. రెండో రోజు నొప్పి అలా ఉంటుంది మరి. మైగ్రేన్ ఉన్నవాళ్లకైతే అది పెద్ద దాడికే దారి తీయొచ్చు. వారానికి పావు వంతు చొప్పున తగ్గించడం నయం.

ఎక్కువమంది ముందుగా సాయంత్రం కప్పు తీసేస్తారు. నిద్రకి మంచిదే కానీ లెక్కలో ఓ చిక్కుంది. 300 మిల్లీగ్రాములకి అలవాటుపడ్డ మనిషి సాయంత్రం కప్పు ఒక్కసారిగా మానేస్తే, పదకొండు గంటల టీ నుంచి మర్నాడు అయిదున్నర దాకా పద్దెనిమిదిన్నర గంటల ఖాళీ వస్తుంది. రోజూ తెల్లారేసరికి ఆదివారం నొప్పే. కాబట్టి ముందు అన్ని కప్పుల గాఢత తగ్గించాలి, కప్పుల సంఖ్య ఆ తర్వాత. ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లకి ఇది సులువు. పొడి మార్చితే చాలు, టైములు, గ్లాసు, నురగ ఏవీ మారవు.

వదిన చేసింది ఇది. మొదటి వారం కాఫీ పొడి షాపులో 80:20 బదులు 60:40 కలిపించింది. కప్పుకి పడే కాఫీ 8 గ్రాముల నుంచి 6 గ్రాములకి తగ్గింది, అంటే పావు వంతు. 300 కాస్తా 235 అయింది. ఇంట్లో అన్నయ్య "ఈ వారం కాఫీ చిక్కగా ఉందే" అన్నాడు, అది చికోరీ మహిమ. రెండో వారం సాయంత్రం కప్పులో డికాక్షన్ సగమే పోసి, మిగతా సగానికి పాలు పోసింది. దాదాపు 200కి వచ్చింది. మూడో వారం టిఫిన్‌తో తాగే కప్పు మానేసి, దాని బదులు మజ్జిగ తాగింది. 150 దగ్గర ఆగింది. పొద్దున ఒక కప్పు, పదకొండుకి టీ, సాయంత్రం సగం కప్పు. అంతకన్నా తగ్గించాల్సిన అవసరం రాలేదు.

మధ్యలో నొప్పి వస్తే వెనక్కి రావడం తప్పు కాదు. ఒక మెట్టు వెనక్కి వెళ్లి, అక్కడ మూడు నాలుగు రోజులు ఉండి మళ్లీ దిగండి. తట్టుకోలేకపోతే కెఫీన్ లేని మామూలు పారాసెటమాల్ వేసుకోవచ్చు. కెఫీన్ కలిసిన మాత్ర వేసుకుంటే తగ్గించినదంతా వెనక తలుపు నుంచి లోపలికి వచ్చినట్టే.

ఆదివారానికి ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే. ఏ రోజైనా సరే, మొదటి కప్పు మామూలు టైముకి గంట దాటకూడదు. పూజకి ముందు కాఫీ ఏమిటని అత్తగారు ఒకటి రెండుసార్లు అన్నారట. ఇప్పుడు పూజే ముందుకి జరిగింది. ఆదివారం నొప్పులు పోయాయి. నెలకి రెండుసార్లు వచ్చే ఒక పక్క నొప్పి మాత్రం పోలేదు, ఎందుకంటే అది నిజంగానే మైగ్రేన్. దానికి ఇప్పుడు వేరే మందు వాడుతోంది. రెండూ కలిసిపోయి ఉన్నంతకాలం ఏ డాక్టర్‌కీ సరిగ్గా చెప్పలేకపోయింది.

మీ ఒంట్లో కెఫీన్ ఎంతసేపు ఉంటుందో మార్చేవి కొన్ని ఉన్నాయి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో దాదాపు రెట్టింపు సేపు ఉంటుంది. గర్భం చివరి నెలల్లో ఇంకా ఎక్కువ. గర్భిణులు ఎలాగూ రోజుకి 200 దాటకూడదు. సిగరెట్ తాగేవాళ్లలో త్వరగా కరిగిపోతుంది. సిగరెట్ మానేసినప్పుడు అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి దడ, నిద్రలేమి తెప్పిస్తుంది. సిగరెట్‌తో పాటు కాఫీని కూడా కొంచెం తగ్గించుకోండి, కానీ రెండూ ఒకేరోజు పూర్తిగా మానొద్దు.

కాఫీ దొరకదని ముందే తెలిసిన రోజులు

ఏకాదశి, శివరాత్రి ఉపవాసాల్లో పాలు, కాఫీ పుచ్చుకునే ఇళ్లకి ఈ బాధ లేదు. నీళ్లు తప్ప ముట్టనివాళ్లకి సాయంత్రానికి తల పగిలేది ఒక్క ఆకలితోనే కాకపోవచ్చు, కెఫీన్ అందక కూడా కావచ్చు. ఆకలి, నీళ్లు చాలకపోవడం దాన్ని పెంచుతాయి. ముందు వారం నుంచే రోజువారీ లెక్క సగానికి దించుకుంటే ఆ రోజు నొప్పి రాకపోవచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లకి మొదటి రెండు మూడు రోజులు ఇదే గొడవ. నెలవంకకి రెండు వారాల ముందు నుంచి పగటి టీలు ఒక్కొక్కటే తగ్గించి, సహరీలో ఒక కప్పు ఉంచుకుంటే పగలు గడుస్తుంది. ఇఫ్తార్ తర్వాత అర్ధరాత్రి దాకా ఇరానీ చాయ్ మీద చాయ్ తాగితే మాత్రం సహరీకి ముందున్న కాస్త నిద్రా పోతుంది.

పరగడుపున రక్తపరీక్షకి వెళ్లేటప్పుడు పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకుని, ఫ్లాస్కులో కాఫీ వెంట పెట్టుకెళ్లండి. రక్తం తీసుకోగానే తాగొచ్చు. ఆపరేషన్ విషయం వేరు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తీసుకోకుండా ఉండి, ఆపరేషన్ అయ్యాక తలనొప్పితో లేచేవాళ్లలో కొందరికి కారణం మత్తుమందు కాదు, కాఫీ అందకపోవడమే. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ చూడడానికి వచ్చినప్పుడు "నాకు రోజూ మూడు కాఫీల అలవాటు, మైగ్రేన్ ఉంది" అని చెప్పండి. పాలు కలవని బ్లాక్ కాఫీని చాలాచోట్ల మంచినీళ్లతో సమానంగా లెక్కేసి, ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకు అనుమతిస్తారు. పాలు పోసిన కాఫీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు, దానికి తేలికపాటి భోజనంలాగే ఆరు గంటల ముందే ఆపాలి. మీ విషయంలో ఏది వర్తిస్తుందో ఆ డాక్టరే చెప్పాలి. వద్దంటే సొంతంగా తాగొద్దు, ఎప్పటి నుంచి తాగొచ్చో మాత్రం అడిగి, తోడు ఉండేవాళ్లకి ఆ టైమ్ చెప్పి ఉంచండి.